మందు తాపినా నట్టలు చావడం లేదా? గుడ్ల లెక్కతో తేల్చుకునే పద్ధతి

ఉదయగిరి వైపు ఒక ఊళ్లో ఎనభై గొర్రెల మంద. అన్నీ నెల్లూరు జోడిపివే. డిసెంబరు మొదటి వారంలో పిలిస్తే వెళ్లాను. దొడ్డిలో ఆరు గొర్రెలకు దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. ఒకదాని కింది కనురెప్ప తిప్పి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు, సున్నం రంగులో ఉంది.

"మందు తాపి పన్నెండు రోజులు కూడా కాలేదు సార్. మళ్లీ నీరు దిగతా ఉండాది. ఈ మందులో పస లేదు" అన్నాడు మందాయన.

ఆయన తాపింది ఆల్బెండజోల్. నాలుగైదేళ్లుగా అదే తాపుతున్నాడు. ఎంత తాపావని అడిగితే "అన్నిటికీ ఐదు ఎంఎల్" అన్నాడు. ఆ సీసా 2.5 శాతం మందు, అంటే ఒక ఎంఎల్‌లో 25 మిల్లీగ్రాములు. ఐదు ఎంఎల్ అంటే 125 మిల్లీగ్రాములు. కిలోకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన అది పదహారు, పదిహేడు కిలోల పిల్లకు సరిపోతుంది. ఆయన మందలో పెద్ద గొర్రెలు ముప్పై కిలోలు దాటాయి. వాటికి అందింది సగం మోతాదే.

ఇప్పుడు తప్పు మందుదా, మోతాదుదా, నట్టలదా? ముగ్గురిలో ఎవరిదో కంటితో చూసి చెప్పలేం. చెప్పగలిగే పరీక్ష ఒకటుంది. మందు తాపే ముందు పెంటికల్లో నట్టల గుడ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. సరైన మోతాదు తాపి, రెండు వారాల తర్వాత అవే గొర్రెల్లో మళ్లీ లెక్కపెట్టాలి. గుడ్లు ఎంత శాతం తగ్గాయో దాన్నిబట్టి తీర్పు. ఆ మందలో ఈ పరీక్ష ఎలా చేశామో, ఎక్కడ దాదాపు తప్పుదోవ పట్టామో వరుసగా చెబుతాను.

ఎప్పుడు చేయాలి

మన ప్రాంతంలో ఈ పరీక్షకు కాలం అక్టోబరు నుంచి జనవరి దాకా. ఈశాన్య రుతుపవనాల వానకు గడ్డి మొలిచి, తేమకు నట్టల పిల్లలు గడ్డి పరకల మీదికి ఎక్కేది అప్పుడే. ఇక్కడ ప్రాణం తీసే నట్ట ప్రధానంగా హీమాంకస్. నాలుగో కడుపులో కూర్చుని రక్తం తాగుతుంది. ఒక్కో ఆడ నట్ట రోజుకు ఐదు నుంచి పదివేల గుడ్లు పెడుతుంది. అందుకే దీనికి గుడ్ల లెక్క పరీక్ష బాగా పనికొస్తుంది. దీనితో రక్తహీనత, దవడ నీరు వస్తాయి గానీ పారుడు అంతగా ఉండదు. పారుతున్న గొర్రెను చూసి ఇదే నట్ట అనుకోకూడదు.

నేను ఒకసారి మే నెలలో ఈ పరీక్ష పెట్టుకుని తప్పు చేశాను. ఎండాకాలంలో గుడ్లు అసలే తక్కువ. పది గొర్రెల్లో కలిపి సూక్ష్మదర్శిని కింద కనబడినవి నలభై. మందు తర్వాత రెండు. అంటే 95 శాతం తగ్గుదల. ఇంకొక్క గుడ్డు కనబడి ఉంటే 92.5 శాతం అయ్యేది. ఒక్క గుడ్డు తీర్పును అటూ ఇటూ తిప్పేసేటప్పుడు అది తీర్పే కాదు. కాబట్టి ముందు ఐదారు గొర్రెల పెంటికలు చూడండి. సగటున గ్రాముకు 150 గుడ్లకు మించి ఉంటేనే దిగండి. ఐదారు వందలు దాటితే ఇంకా మేలు.

గొర్రెలకు గత రెండు నెలల్లో ఏ నట్టల మందూ తాపి ఉండకూడదు. మా మందలో ఇదే చిక్కు వచ్చింది, పన్నెండు రోజుల కిందటే తాపారు కదా. కానీ ఆ పూట తాపకుండా మిగిలిన గొర్రెలున్నాయి. మందాయన తమ్ముడు వరి కోసిన పొలాల్లో ఎరువు కోసం మంద కట్టడానికి తోలుకెళ్లిన ముప్పై గొర్రెలు సెప్టెంబరు నుంచి మందు ఎరగవు. అవి కలిసి మేసే గొర్రెలే, నట్టలూ అవే. పరీక్షకు వాటినే ఎంచుకున్నాం. దవడ నీరు దిగిన ఆరింటినీ పరీక్షలోకి తేలేదు. వాటికి అక్కడే వేరే వైద్యం మొదలుపెట్టాం. రక్తం లేని గొర్రెను పరీక్ష కోసం ఆపడం తప్పు.

ఏ గొర్రెలు, ఎన్ని

ఒక్కో మందుకు కనీసం పది గొర్రెలు. మూడు నెలలు దాటిన పిల్లలు, ఏడాదిలోపు పడ్డలు దొరికితే మంచిది, వాటిలో గుడ్లు ఎక్కువ ఉంటాయి. ప్రతి గొర్రెకూ చెవి పోగు నంబరో, మెడకు రంగు దారమో ఉండాలి. పద్నాలుగో రోజు "అదే గొర్రె అనుకుంటా సార్" అనే మాట వినిపిస్తే అక్కడికి పరీక్ష ముగిసినట్టే.

1992లో అంతర్జాతీయ పశు పరాన్నజీవి శాస్త్రవేత్తల సంఘం ఇచ్చిన పద్ధతిలో మందు తాపని గుంపు ఒకటి పక్కన పెట్టి దానితో పోల్చేవాళ్లు. 2023లో అదే సంఘం మార్చి ఇచ్చిన పద్ధతి అవే గొర్రెలను ముందు, తర్వాత చూడమంటుంది. చిన్న మందలకు రెండోదే వీలు, మేం పట్టుకున్నదీ అదే. ఆల్బెండజోల్‌కు పది, లెవామిసోల్‌కు పది. ఒకే రోజు రెండు మందులూ పరీక్షిస్తే "ఇది పని చేయట్లేదు" అన్న జవాబుతో పాటు "మరేది పని చేస్తుంది" అన్నదీ చేతికొస్తుంది.

మేకలను గొర్రెలతో ఒకే గుంపులో కలపకండి. మేక ఒంట్లో మందు త్వరగా అరిగిపోతుంది. గొర్రె మోతాదే మేకకు తాపితే, మందు అందక నట్టలు బతికితే దాన్ని నట్టల మొండితనం అనుకుంటాం. మామూలుగా మేకకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఇస్తారు. లెవామిసోల్ మాత్రం ఒకటిన్నర దాటకూడదు, అది ఎక్కువైతే విషం. మేకల మోతాదు మీ పశువైద్యుడి చేత రాయించుకునే తాపండి.

పెంటికలు తీయడం

నేల మీద పడ్డవి ఏరకండి. ఏ గొర్రెవో తెలియదు, మన ఎండలో గుడ్డు ఒక రోజులోనే పొదిగి పిల్ల బయటికొస్తుంది, పొదిగిన గుడ్డు లెక్కకు రాదు. చేతికి గ్లౌజు తొడుక్కుని, వేలికి కాస్త నీళ్లో నూనో రాసుకుని, మలద్వారం నుంచే తీయాలి. గొర్రెకు పది పెంటికలు చాలు, ఐదారు గ్రాములు వస్తుంది. ఆ గ్లౌజునే తిరగేసి, గాలి పిండేసి, ముడివేసి, మీద నంబరు రాయండి. గాలి లేకపోతే గుడ్డు పొదగదు.

తర్వాత ఐస్ పెట్టెలో పెట్టాలి. ఐసు మీద నేరుగా కాదు, మధ్యలో గుడ్డో కాగితమో ఉండాలి. గడ్డకట్టిందంటే గుడ్లు చెడిపోతాయి. ఫ్రిజ్‌లో కింది అరలో ఒకటి రెండు రోజులు ఉంచవచ్చు. ఉదయం తీసి మధ్యాహ్నానికి లెక్కపెట్టగలిగితే అంతకన్నా కావలసింది లేదు. మేం ఏడు గంటలకు తీసి పదకొండుకల్లా ల్యాబులో ఉన్నాం.

తూచి తాపడం

పరీక్షలో ఎక్కువ చెడిపోయేది ఇక్కడే. ఏ గొర్రె బరువు ఆ గొర్రెది. చెట్టు కొమ్మకు స్ప్రింగు కాటా కట్టి, గోనెపట్టాలో గొర్రెను వేలాడదీసి తూచాం. మందాయన కంటి అంచనాకు, కాటాకు మధ్య ఆరు కిలోల దాకా తేడా వచ్చింది. ఇరవై రెండు కిలోల పడ్డకు లెక్క ఇది: 22ను 7.5తో గుణిస్తే 165 మిల్లీగ్రాములు, దాన్ని 25తో భాగిస్తే 6.6 ఎంఎల్. సూది తీసేసిన సిరంజితో కొలిచి తాపాం. లెవామిసోల్‌కూ కిలోకు 7.5 మిల్లీగ్రాముల లెక్కే. సీసా మీది శాతం చూసి ఎంఎల్ లెక్క కట్టుకోవాలి, అది కంపెనీని బట్టి మారుతుంది.

కొత్త సీసా, గడువు తీరనిది, తాపే ముందు బాగా కుదిపినది. ఆల్బెండజోల్ అడుగున పేరుకుంటుంది, కుదపకపోతే మొదటి గొర్రెకు నీళ్లు, చివరి గొర్రెకు గసి. సిరంజి ముక్కును దవడ పక్క నుంచి నాలుక వెనక్కి పంపి మెల్లగా వదలండి. తల పైకి ఎత్తేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దగ్గి ఉమ్మిన గొర్రె నంబరు పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు మాకు తర్వాత ఎంత పనికొచ్చిందో చెబుతాను. చూలు కట్టిన మొదటి నెలన్నరలో ఉన్న గొర్రెలకు ఆల్బెండజోల్ వద్దు, పిండానికి హాని.

లెక్కపెట్టడం

సూక్ష్మదర్శిని, మెక్‌మాస్టర్ గాజు పలక ఉన్న పశు వ్యాధి నిర్ధారణ ల్యాబులో ఇది చేయిస్తారు. మీరే నేర్చుకోవాలన్నా కష్టం కాదు.

కళ్లుప్పును వేడి నీళ్లలో ఇక కరగనంత వరకు వేసి చల్లార్చండి. లీటరుకు దాదాపు 400 గ్రాములు పడుతుంది, అడుగున కాస్త ఉప్పు మిగలాలి. అంత చిక్కటి ఉప్పునీళ్లలో గుడ్డు పైకి తేలుతుంది. ఒక గొర్రె పెంటికల్లోంచి 4 గ్రాములు తూచి, 26 ఎంఎల్ ఉప్పునీళ్లలో నలిపి, టీ వడపోతలో వడకట్టండి. బాగా కలుపుతూనే పిపెట్‌తో తీసి పలకలోని రెండు గదులూ నింపండి. కలపడం ఆపి తీశారంటే గుడ్లు పైకి తేలిపోయి లెక్క తప్పుతుంది. ఐదు నిమిషాలు ఆగి, 10 రెట్ల కటకంతో గీతల లోపలివన్నీ లెక్కపెట్టండి. ఎక్కువసేపు వదిలేస్తే ఉప్పు గడ్డకట్టి ఏమీ కనబడదు.

రెండు గదుల్లో కలిపి కనబడిన గుడ్లను 25తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. ల్యాబు కాగితం మీద ఈపీజీ అని రాసేది దాన్నే. చాలా చోట్ల 2 గ్రాములు, 28 ఎంఎల్ వాడతారు, అప్పుడు 50తో గుణించాలి. ఈ పరీక్షకు మాత్రం 4 గ్రాముల పద్ధతే అడగండి. కళ్లకు కనబడే గుడ్లు రెట్టింపవుతాయి, తీర్పు గట్టిపడుతుంది.

లెక్కలోకి వచ్చేవి పలుచటి గోడతో కోలగా ఉండి లోపల ద్రాక్ష గుత్తిలా కణాలు నిండిన గుడ్లే. చిన్నగా గుండ్రంగా మెరిసేవి కాక్సిడియా. మూడు మూలలుగా ఉండేవి బద్దెపురుగు గుడ్లు. రెండు చివర్లా మూతలతో నిమ్మకాయలా ఉండేవి కొరడా పురుగువి. వీటిని వదిలేయండి. కాలేయపు జలగ గుడ్లు ఈ ఉప్పునీళ్లలో తేలవు, కాబట్టి దాని సంగతి ఈ పరీక్ష ఏమీ చెప్పదు. చెరువు కింద మేసే మందల వాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి, దవడ నీరు దానివల్లా వస్తుంది.

పద్నాలుగో రోజే ఎందుకు

ఆల్బెండజోల్ తాపగానే బతికిన నట్ట కూడా కొన్ని రోజులు గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. ఐదో రోజు చూస్తే అంతా శుభ్రంగా కనబడి మోసపోతాం. మరీ ఆలస్యం చేసినా తప్పే. కొత్తగా గడ్డితో లోపలికి వెళ్లిన పిల్లనట్ట పెరిగి గుడ్డు పెట్టడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. ఆ పైన కనబడే గుడ్లు మందును తట్టుకున్నవా, కొత్తవా తెలియదు. లెవామిసోల్ ఒక్కటే అయితే ఏడో రోజే చూడవచ్చు, ఐవర్‌మెక్టిన్‌కు పద్నాలుగు నుంచి పదిహేడు. రెండు మూడు మందులు కలిపి పరీక్షించేటప్పుడు అన్నిటికీ పద్నాలుగో రోజు పెట్టుకుంటే సరిపోతుంది.

లెక్క చేతికొచ్చాక

ఆల్బెండజోల్ గుంపులో మందుకు ముందు సూక్ష్మదర్శిని కింద కనబడిన గుడ్లు గొర్రె గొర్రెకూ ఇవి: 62, 18, 40, 95, 24, 33, 51, 12, 70, 35. మొత్తం 440. సగటున 44, అంటే గ్రాముకు 1100. పద్నాలుగో రోజు అదే వరుసలో: 14, 2, 9, 31, 3, 10, 12, 1, 20, 8. మొత్తం 110, అంటే గ్రాముకు 275.

```
తగ్గుదల శాతం = 100 × (1 − తర్వాతి మొత్తం ÷ ముందు మొత్తం)
             = 100 × (1 − 110 ÷ 440)
             = 75
```

ఒక్కో గొర్రెకు శాతం కట్టి వాటి సగటు తీయకండి, ఎప్పుడూ మొత్తాల మీదే కట్టండి. పన్నెండు గుడ్ల గొర్రెకూ తొంభై ఐదు గుడ్ల గొర్రెకూ ఒకే బరువు ఇస్తే లెక్క వంకరపోతుంది.

1992 నాటి కొలత ప్రకారం తగ్గుదల 95 శాతం కంటే తక్కువై, దాని విశ్వాస పరిధి కింది అంచు 90 కంటే కిందికి పోతే నట్టలు ఆ మందుకు మొండికేసినట్టు. రెంటిలో ఒకటే ఉంటే అనుమానం. విశ్వాస పరిధి అంటే మన పది గొర్రెల లెక్కను బట్టి అసలు నిజం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండవచ్చు అన్న వెడల్పు. అది చేత్తో కట్టనక్కర్లేదు, fecrt.com లో ముందు, తర్వాతి లెక్కలు వేస్తే వస్తుంది. కొత్త పద్ధతి సగటు ఈపీజీ కన్నా, మందుకు ముందు కంటికి కనబడిన మొత్తం గుడ్లకు ఎక్కువ విలువ ఇస్తుంది. మాకు 440 ఉన్నాయి, కాబట్టి 75 అన్నది గట్టి అంకె.

పైగా ప్రతి గొర్రెలోనూ గుడ్లు మిగిలాయి. తూచి, కొలిచి, కొత్త సీసాతో తాపాక కూడా నాలుగో వంతు మిగిలిందంటే ఆ మందలో ఆల్బెండజోల్ పని అయిపోయినట్టే. ఫెన్‌బెండజోల్‌కు మారితే ఏమన్నా లాభమా అని మందాయన అడిగాడు. లేదు. పేరు వేరు, దెబ్బ కొట్టే చోటు ఒకటే. ఒకదాన్ని తట్టుకున్న నట్ట దాని చుట్టాన్నీ తట్టుకుంటుంది. షాపులో కంపెనీ మార్చి మందు మార్చామనుకునే వాళ్లు మన దగ్గర చాలామంది. సీసా మీద చూడాల్సింది కంపెనీ పేరు కాదు, మందు పేరు.

లెవామిసోల్ గుంపు దగ్గర మేం తికమకపడ్డాం. ముందు మొత్తం 420. తర్వాత 25. తగ్గుదల 94 శాతం. కాగితం మీద ఇదీ 95 కంటే తక్కువే. రెండో మందు కూడా పోయిందా అని మందాయనకు టెన్షన్ పట్టుకుంది. కానీ గొర్రెల వారీగా చూస్తే ఎనిమిదింటిలో సున్నా, ఒకదానిలో 1, ఇంకొకదానిలో 24. ఆ ఇరవై నాలుగు గుడ్ల గొర్రె నంబరు పక్కన, తాపిన రోజు పెట్టుకున్న గుర్తుంది. దగ్గి ఉమ్మేసింది.

మొండి నట్టలైతే గుడ్లు చాలా గొర్రెల్లో కొద్దికొద్దిగా మిగులుతాయి. ఒకే గొర్రెలో కుప్పగా మిగిలి మిగతావి ఖాళీగా ఉంటే మొదట మందు లోపలికి పోయిందా అని అనుమానించాలి. అలాగని ఆ గొర్రెను లెక్కలోంచి కొట్టేసి మంచి శాతం రాసుకోవడం సరికాదు. మేం దాన్నే మళ్లీ తూచి, మళ్లీ సరిగ్గా తాపి, ఏడో రోజు పెంటికలు చూశాం. రెండు గదుల్లోనూ ఒక్క గుడ్డు లేదు. అప్పుడే లెవామిసోల్ పని చేస్తోందని రాసిచ్చాను. ఆ గుర్తు లేకుంటే, గుడ్లు నాలుగైదు గొర్రెల్లో పరుచుకుని ఉంటే, అనుమానం అనే రాసేవాణ్ణి, వచ్చే వానలకు ఇరవై గొర్రెలతో మళ్లీ చేయమనేవాణ్ణి.

ఈ లెక్క బతికిన నట్ట ఏ జాతో చెప్పదు, చాలా నట్టల గుడ్లు ఒకేలా ఉంటాయి. జాతి తెలియాలంటే మిగిలిన పెంటికలను ల్యాబులో తేమగా పొదిగించి, వచ్చిన పిల్లనట్టలను చూడాలి. తిరుపతి పశువైద్య కళాశాల లాంటి చోట చేయగలరు. ఇంకో హద్దు కూడా ఉంది. నట్టల్లో నాలుగో వంతు కన్నా తక్కువ మొండివైతే ఈ పరీక్ష పట్టుకోలేకపోవచ్చు. కాబట్టి 97 వచ్చిందంటే ఇవాళ్టికి మందు పని చేస్తోందని అర్థం, అంతవరకే.

ఆ మందలో తర్వాత చేసింది

ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ పక్కన పెట్టించాం. లెవామిసోల్‌ను అన్నిటికీ ఒకేసారి తాపొద్దన్నాం. పదిహేను రోజులకోసారి కనురెప్ప తిప్పి చూసి, పాలిపోయిన వాటికే తూచి తాపుతున్నారు. తాపని గొర్రెల్లో మందుకు లొంగే నట్టలు మిగిలి ఉంటాయి, వాటి గుడ్లు మేతలో పడి మొండివాటి గుడ్లతో కలుస్తాయి.

మే నెలలో మంద మొత్తానికి తాపే అలవాటును కూడా మాన్పించాను. ఎండకు గడ్డి మీది పిల్లనట్టలన్నీ మాడిపోయి ఉంటాయి. అప్పుడు అన్ని గొర్రెలకూ తాపితే లోపల మిగిలేది మందును తట్టుకున్నవే. తొలకరికి మేత మీద పడే గుడ్లన్నీ వాటివే అవుతాయి. నాలుగైదేళ్లలో ఈ మందకు జరిగింది అదేనని నా నమ్మకం. దానికి సగం మోతాదు తోడైంది.

సంతలో కొన్న పొట్టేళ్లను రెండు వారాలు వేరే దొడ్డిలో కట్టేస్తున్నారు. వాటికి తాపిన పద్నాలుగో రోజు పెంటికల్లో గుడ్లు లేవని చూశాకే మందలో వదులుతారు. మందాయన గోడకు వేలాడదీసిన నోటు పుస్తకంలో ప్రతి గొర్రె నంబరు, బరువు, తాపిన ఎంఎల్ రాస్తున్నాడు. దాని పక్కన, దగ్గితే ఒక చుక్క.